తారీఖులు ఒప్పుకోని రెజ్యూమే

1979లో డిగ్రీ పుచ్చుకున్న మనిషి, 1983 దాకా ఆ కాలేజీలో లేని డిగ్రీని ఎలా సంపాదించాడు? 2012 మే 3న యాహూ డైరెక్టర్ల బోర్డుకు అందిన ఒక ఉత్తరంలోని ప్రశ్న ఇదే. రాసింది థర్డ్ పాయింట్ అనే పెట్టుబడి సంస్థ అధిపతి డేనియల్ లోబ్. యాహూలో ఆ సంస్థకు పెద్ద వాటాయే ఉండేది. ప్రశ్న ఎవరి గురించంటే, నాలుగు నెలల కిందటే యాహూ సీఈఓగా చేరిన స్కాట్ థాంప్సన్ గురించి. అంతకుముందు ఆయన పేపాల్ అధ్యక్షుడు. అమెరికాలోని స్టోన్‌హిల్ కాలేజీ నుంచి అకౌంటింగ్, కంప్యూటర్ సైన్స్ రెండింటిలోనూ ఆయనకు డిగ్రీ ఉందని యాహూ ప్రభుత్వానికి సమర్పించిన పత్రాల్లోనే రాసి ఉంది.

అకౌంటింగ్ డిగ్రీ నిజం. కంప్యూటర్ సైన్స్ మాత్రం అబద్ధం. ముందు యాహూ దాన్ని పొరపాటున దొర్లిన మాటగా చెప్పుకొచ్చింది. కానీ ఆ పొరపాటు పది రోజులకు మించి నిలవలేదు. మే 13న థాంప్సన్ పదవి నుంచి తప్పుకున్నాడు.

ఇందులో లోబ్ మనుషులు వేసిన అడుగులు రెండు. ఒకటి, కాలేజీని అడిగి డిగ్రీ ఏమిటో తెలుసుకోవడం. ఇది అందరికీ తెలిసిన పద్ధతే. రెండోది అంతకంటే చురుకైనది. ఆ కాలేజీ కంప్యూటర్ సైన్స్ డిగ్రీ ఇవ్వడం ఎప్పుడు మొదలుపెట్టింది అని చూడటం. ఆ జవాబుకు థాంప్సన్ మార్కుల జాబితా అక్కర్లేదు, ఆయన అనుమతీ అక్కర్లేదు. ఆయన చెప్పుకున్న రెండు వివరాల్ని, అంటే డిగ్రీ పేరునూ పాసైన సంవత్సరాన్నీ, పక్కపక్కన పెడితే చాలు, అవే పోట్లాడుకుంటాయి. రెజ్యూమేలో ఉబ్బించిన మాటల్ని పట్టుకోవడంలో అసలు పనితనం ఈ రెండో అడుగులోనే ఉంది.

హైదరాబాద్‌లో ఈ వ్యవహారానికి సొంత వాడుక భాషే ఉంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల తిరిగినవాళ్లకు 'ఎక్స్‌పీరియన్స్ పెట్టడం' అంటే వివరించనక్కర్లేదు. మూడేళ్లు పెట్టాడు, ఐదేళ్లు పెట్టుకుంది అంటారు. ఉన్న అనుభవం ఉంటుంది, లేనిదాన్నే పెడతారు. తెలుగు క్రియాపదం ఇక్కడ అబద్ధం ఆడలేదు. ఇలా పెట్టిన అనుభవానికి ఊరూపేరూ లేని కంపెనీల లెటర్లు తోడవుతాయి. అసలు లేని కంపెనీల పేరుతో అనుభవ పత్రాలు తెచ్చి ఉద్యోగాలు సంపాదించినట్టు తేలిన వాళ్లను తొలగించామని 2022 నవంబరులో యాక్సెంచర్ ఇండియా బయటకే ప్రకటించింది.

ఇలాంటివి పట్టుకోవడానికి పెద్ద కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ సంస్థలకు పని అప్పగిస్తాయి. ఉద్యోగ భాషలో దాని పేరు బీజీవీ. అయితే అది చాలావరకు ఆఫర్ ఇచ్చాక, మనిషి చేరాక జరిగే తంతు. దానికి ముందే, టేబుల్ మీద ఉన్న రెండు పేజీల కాగితంతోనే, ఓ పెన్సిలూ క్యాలెండరూ పెట్టుకుని ఎంతవరకు తేల్చవచ్చో ఒక ఉదాహరణతో చూద్దాం. ఈ రెజ్యూమే ఏ ఒక్కరిదీ కాదు. తరచూ ఎదురయ్యే సంగతుల్ని ఒకచోట కూర్చి తయారుచేసినది.

2023 జూన్ చివర్లో ఒక కంపెనీకి వచ్చిన రెజ్యూమే అనుకుందాం. పైన ముద్ద అక్షరాల్లో 'మొత్తం అనుభవం 8 ఏళ్లు'. 2015–2017 మధ్య హైదరాబాద్‌లోని ఓ చిన్న కంపెనీలో టీమ్ లీడ్, చేతికింద 25 మంది. 2018–2020 రెండో కంపెనీలో సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. అక్కడ టెస్టింగ్ పనిని ఆటోమేట్ చేసి కంపెనీకి ఏటా 2 కోట్ల రూపాయలు ఆదా చేశాడట. 2021 నుంచి ఇప్పటిదాకా మూడో కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. నైపుణ్యాల జాబితాలో 'కుబర్నెటీస్, 8 ఏళ్లు'. రెండో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, బీటెక్ 2016.

అనుభవమున్న రిక్రూటర్లు ఇలాంటి కాగితాన్ని కింది నుంచి పైకి చదువుతారు. చదువు పూర్తయిన తేదీ ఒక మేకు లాంటిది. దాన్ని జరపడం కష్టం. మిగతా తారీఖులన్నీ దానికి కట్టి చూడాలి. 2016 మేలో బీటెక్ పూర్తయితే పూర్తికాలపు ఉద్యోగం జూన్ నుంచే మొదలవ్వాలి. జూన్ 2016 నుంచి జూన్ 2023 దాకా ఒక్క రోజు ఖాళీ లేకుండా పనిచేసినా 7 ఏళ్ల 1 నెల. ఎనిమిదేళ్లు ఎలా అయినా రావు. 2015లో మొదలైనట్టు చూపిన ఉద్యోగం, చివరి సంవత్సరం క్లాసులతో ఢీకొంటోంది. ఇంటర్న్‌షిప్ అయి ఉండొచ్చు. కానీ ఇంటర్న్ చేతికింద 25 మంది ఉండరు కదా.

తరవాత చూడాల్సింది తారీఖుల రూపం. నెలలు లేవు, సంవత్సరాలే ఉన్నాయి. ఇది నేరం కాదు, చాలామంది అలవాటుగా రాసేస్తారు. అయితే '2018–2020' అన్న మాటకు ఎంత సాగే గుణం ఉందో లెక్కేస్తే ఆశ్చర్యం వేస్తుంది. 2018 డిసెంబరులో చేరి 2020 జనవరిలో మానేసినా అదే రాస్తారు, అంటే 14 నెలలు. 2018 జనవరిలో చేరి 2020 డిసెంబరు దాకా ఉన్నా అదే రాస్తారు, అంటే 36 నెలలు. ఈ రెజ్యూమేలోని మూడు ఉద్యోగాలకూ ఇలాగే తక్కువలో తక్కువ, ఎక్కువలో ఎక్కువ వేసి కూడితే, మొత్తం అనుభవం 3 ఏళ్ల 11 నెలల నుంచి 8 ఏళ్ల 6 నెలల దాకా ఎక్కడైనా ఉండొచ్చని తేలుతుంది. అభ్యర్థి అందులో పైకొసకు దగ్గరగా ఉన్న అంకెను ఏరుకున్నాడు. కాబట్టి మొదటి ఫోన్ కాల్‌లోనే అడగాల్సిన మాట ఒక్కటే. ప్రతి ఉద్యోగంలో చేరిన నెల, వదిలిన నెల చెప్పండి. ఆ ప్రశ్నలో ఆరోపణ లేదు, అవమానమూ లేదు. కానీ రెజ్యూమేలోని గాలి సగం అక్కడే పోతుంది.

నైపుణ్యాల సంగతికి వస్తే, ప్రతి సాంకేతికతకూ ఒక పుట్టినరోజు ఉంటుంది. కుబర్నెటీస్‌ను గూగుల్ 2014 జూన్‌లో బయటి ప్రపంచానికి చూపింది. 1.0 వెర్షన్ వచ్చింది 2015 జులైలో. 2023 జూన్‌లో ఎనిమిదేళ్ల అనుభవం అంటే, ఆ మొదటి వెర్షన్ వచ్చీరాకముందే మన అభ్యర్థి దాన్ని పట్టేశాడన్నమాట, అదీ బీటెక్ మూడో సంవత్సరం పరీక్షలయ్యాక వచ్చే సెలవుల్లో. అసాధ్యం అనలేం. ఉత్సాహవంతులు అలా చేసినవాళ్లు ఉన్నారు. తేల్చడానికి తేదీ ఒక్కటే చాలదు, దాని వెనకాల ఒక ప్రశ్న కావాలి. ఆ తొలి రోజుల్లో దాంతో ఏం నడిపారు అని అడగాలి. నిజంగా 2015లో వాడినవాడు ఇవాళ అందరూ వాడే 'డిప్లాయ్‌మెంట్' సదుపాయం మొదటి వెర్షన్‌లో లేదనీ, 'రెప్లికేషన్ కంట్రోలర్' అనేదాంతో నెట్టుకొచ్చామనీ తనంతట తానే చెప్పుకుంటాడు. పాత బాధలు గుర్తున్నవాడికి పాత అనుభవం ఉన్నట్టు. పుస్తకం చదివి వచ్చినవాడికి ఇవాళ్టి సంగతులే తెలుస్తాయి.

అయితే ఈ ఉబ్బుకు అభ్యర్థుల్నే అనడం న్యాయం కాదు. ఫాస్ట్‌ఏపీఐ అనే పైథాన్ సాధనాన్ని తయారుచేసిన సెబాస్టియన్ రామిరెజ్ 2020 జులైలో ఒక సంగతి ట్విటర్‌లో పెట్టాడు. ఫాస్ట్‌ఏపీఐలో నాలుగేళ్లకు పైగా అనుభవం కావాలన్న ఉద్యోగ ప్రకటన ఒకటి ఆయన కంటబడింది. దానికి తాను కూడా పనికిరానని, ఎందుకంటే తాను దాన్ని పుట్టించే ఏడాదిన్నర అయిందనీ రాశాడు. ప్రకటన రాసినవాళ్లు క్యాలెండర్ చూడకపోతే, దరఖాస్తు రాసేవాడు మాత్రం ఎందుకు చూస్తాడు?

మన రెజ్యూమేలో హోదాల వరస ఇంకా విచిత్రంగా ఉంది. టీమ్ లీడ్, తరవాత సీనియర్ ఇంజనీర్, ఆ తరవాత మామూలు ఇంజనీర్. మెట్లు పైకి కాకుండా కిందికి దిగుతున్నాయి. అనుభవం తక్కువ ఉన్న రిక్రూటర్ ఇక్కడ గెలిచాననుకుని పెన్ను మూసేస్తాడు. అది తొందరపాటు. పది మంది ఉన్న కంపెనీలో పెద్ద పేరు దొరకడం తేలిక. పెద్ద కంపెనీలో చేరాలంటే ఆ పేరు గుమ్మం బయట వదిలి రావాలి. బ్యాంకుల్లో కూడా ఇలాంటిదే జరుగుతుంది. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో వైస్ ప్రెసిడెంట్ అంటే మధ్యస్థాయి ఉద్యోగి, వేరే కంపెనీలో అదే పేరున్నాయన గది ముందు బంట్రోతు ఉంటాడు. కాబట్టి హోదాను హోదాతో పోల్చకూడదు. దాని కింద ఎంతమంది పనిచేశారు, ఎవరికి రిపోర్ట్ చేశారు, సెలవులు మంజూరు చేసే అధికారం ఉండేదా, ఏటా పనితీరు మార్కులు వేసింది తనేనా అన్నవాటితో పోల్చాలి. టీమ్‌ను నిజంగా నడిపినవాడు ఈ చివరి ప్రశ్నకు తడుముకోడు. మార్కులు తక్కువొచ్చి అలిగినవాళ్ల ముఖాలు అతనికి గుర్తుంటాయి.

ఇక్కడే ప్రావిడెంట్ ఫండ్ రంగంలోకి వస్తుంది. జీతం తీసుకునే మనిషికి మన దేశంలో పీఎఫ్ ఖాతా ఒక డైరీ లాంటిది. అతను రాయకపోయినా అది రాసుకుంటూ పోతుంది. 2014 నుంచి ప్రతి సభ్యుడికీ యూఏఎన్ అనే ఒకే నంబరు ఇస్తున్నారు. ఉద్యోగాలు మారినా ఆ నంబరు మారదు. అభ్యర్థి తన లాగిన్‌లో సర్వీస్ హిస్టరీ తెరిస్తే ఏ సంస్థలో ఎప్పుడు చేరాడో, ఎప్పుడు వదిలాడో వరసగా కనిపిస్తుంది. చాలా కంపెనీలు ఇప్పుడు ఆఫర్‌కు ముందే ఆ పేజీ చూపించమంటున్నాయి.

మన అభ్యర్థి చూపించాడనుకుందాం. అందులో రెండే వరసలున్నాయి. రెండో కంపెనీలో 2018 జనవరి మొదట్లో చేరి 2020 ఫిబ్రవరి చివర్లో మానేశాడు, 26 నెలలు. మూడో కంపెనీలో 2021 మార్చిలో చేరాడు, 2023 జూన్ దాకా 28 నెలలు. కలిపితే 54 నెలలు, అంటే నాలుగున్నరేళ్లు. రెజ్యూమేలో ఉన్నవి 96 నెలలు. మధ్యలో తేలిపోయిన 42 నెలల్లో 12 నెలలు రెండో కంపెనీకీ మూడో కంపెనీకీ నడుమ ఉన్న ఖాళీ. 2020 మార్చి నుంచి 2021 ఫిబ్రవరి. లాక్‌డౌన్ మొదలైన నెల, ఆ తరవాతి ఏడాది. ఉద్యోగం ఎందుకు పోయిందో అడగనక్కర్లేదు. నెలలు రాయకుండా సంవత్సరాలే ఎందుకు రాశాడో ఇప్పుడు అర్థమవుతుంది. దాచినది మోసం కాదు, సిగ్గు. మన ఊళ్లల్లో గ్యాప్ అనే మాటను పెళ్లిసంబంధాల నుంచి ఇంటర్వ్యూల దాకా జబ్బు పేరులా పలుకుతారు. ఆ ఏడాది ఉద్యోగం లేదని రాసుంటే ఏ రిక్రూటరూ కనుబొమ ఎగరేసేవాడు కాదు.

మిగిలిన 30 నెలలు మొదటి కంపెనీవి. వాటికి పీఎఫ్ వరసే లేదు. ఇదే అబద్ధానికి రుజువా? తొందరపడకూడదు. 20 మంది కంటే తక్కువ ఉన్న సంస్థకు పీఎఫ్ చట్టం సాధారణంగా వర్తించదు. ఎక్కువమందే ఉన్నా, మొదటిసారి ఉద్యోగంలో చేరే మనిషికి పీఎఫ్ లెక్కలోకి వచ్చే జీతం నెలకు 15,000 దాటితే అతన్ని సభ్యుడిగా చేర్చకుండా వదిలేసే వీలు కంపెనీకి ఉంది. కాబట్టి వరస లేకపోవడానికి సరైన కారణాలు ఉండొచ్చు. అయితే మన రెజ్యూమేలో ఆ కారణాలే ఒకదానికొకటి అడ్డొస్తున్నాయి. 20 మంది లేని కంపెనీ అయితే పీఎఫ్ లేకపోవడం సబబే, కానీ అప్పుడు అతని చేతికింద 25 మంది ఎక్కణ్నుంచి వచ్చారు? 25 మంది ఉన్న మాట నిజమైతే కంపెనీకి పీఎఫ్ ఉండాలి, అప్పుడు మిగిలేది ఆ జీతం సాకొక్కటే. దానికి జవాబు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దొరుకుతుంది. నెలనెలా జీతం పడిందా, ఎంత పడింది? హోదా గురించిన మాట, సంస్థ పరిమాణం గురించిన మాట, పీఎఫ్ గురించిన మాట ఈ మూడూ విడివిడిగా నమ్మదగ్గవే. ఒక గదిలో కూర్చోబెడితే ఏదో ఒకటి లేచి వెళ్లిపోవాలి.

పీఎఫ్ డైరీని గుడ్డిగా నమ్మితే మంచివాళ్లే ముందు బలవుతారు. పాత కంపెనీ వదిలిన తేదీ నమోదు చేయకుండా నెలల తరబడి ఊరుకుంటే, ఒకే సమయంలో రెండు ఉద్యోగాలు చేసినట్టు కనిపిస్తుంది. ఫిబ్రవరి జీతం తాలూకు చందా మార్చిలో జమ అవుతుంది గనక, జమ తేదీని జీతం నెలగా పొరబడితే ఒక నెల తేడా వస్తుంది. అన్నిటికంటే ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది థర్డ్ పార్టీ పేరోల్. మనిషి రోజూ వెళ్లేది మాదాపూర్‌లోని పెద్ద కంపెనీకి, మెడలో వేలాడేది దాని ఐడీ కార్డే, కానీ జీతం ఇచ్చేది ఓ స్టాఫింగ్ కంపెనీ. రెజ్యూమేలో పెద్ద కంపెనీ పేరు రాస్తాడు, పీఎఫ్‌లో ఎప్పుడూ వినని పేరు ఉంటుంది. ఇది ఉబ్బించడం కాదు, సగం చెప్పడం. 'ఫలానా కంపెనీ పేరోల్ మీద, ఫలానా క్లయింట్ దగ్గర' అని రాస్తే గొడవే లేదు.

అటువైపు నుంచి చూస్తే, డబ్బు తీసుకుని ఫేక్ ఎక్స్‌పీరియన్స్ అమ్మేవాళ్లు కూడా తెలివి మీరారు. పీఎఫ్‌తో సహా ఇస్తామంటారు. వాళ్లే ఖాతా తెరిచి వెనకటి నెలలకు చందా కట్టేస్తారు. సర్వీస్ హిస్టరీ పేజీలో అంతా సక్రమంగా కనిపిస్తుంది. కానీ పాస్‌బుక్ తెరిస్తే ఏ నెల జీతం తాలూకు చందానో ఒక గడిలో, అది జమైన తేదీ పక్క గడిలో ఉంటాయి. సజావుగా నడిచే కంపెనీలో జమ తేదీలు నెలకొకటి చొప్పున నడుస్తాయి. అమ్మిన అనుభవంలో రెండేళ్ల చందా ఒకే వారంలో జమై ఉంటుంది. డబ్బుకు ఇబ్బందిపడ్డ నిజమైన కంపెనీ కూడా ఒక్కోసారి బకాయిలన్నీ కలిపి కడుతుంది గనక ఇదీ చివరి తీర్పు కాదు. కానీ ఆ కంపెనీలో పనిచేసినవాళ్లందరి చందాలూ అలాగే పడ్డాయా, ఇతనిదొక్కటేనా అని అడగడానికి చాలు.

ఇక లెటర్లు. రెజ్యూమేకూ లెటరుకూ ఒక తేడా ఉంది. ఆ తేడా తెలియకపోతే తనిఖీ చేసేవాడే తప్పులో కాలేస్తాడు. రెజ్యూమే ఇవాళ రాసుకునేది, ఇవాళ్టి పేర్లతో మాట్లాడొచ్చు. 2007లో సత్యంలో చేరిన ఇంజనీరు ఇవాళ తన రెజ్యూమేలో టెక్ మహీంద్రా అని రాసుకుంటే తప్పు పట్టనక్కర్లేదు. 2009 జనవరిలో కుంభకోణం బయటపడ్డాక సత్యం చేతులు మారింది, ఆ ఏడాదే మహీంద్రా సత్యం అయింది, 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. కానీ 2007 తారీఖున్న ఆఫర్ లెటర్ మీద మహీంద్రా సత్యం అని ఉంటే? ఆ పేరు అప్పటికి పుట్టనే లేదు. లెటర్ తన కాలపు పేర్లతోనే మాట్లాడాలి. 2012 తారీఖు వేసిన హైదరాబాద్ లెటర్ అడుగున 'తెలంగాణ రాష్ట్రం' అన్న చిరునామా ఉన్నా అంతే, రాష్ట్రం వచ్చింది 2014 జూన్ 2న. దొంగ లెటర్లు తయారుచేసేవాళ్లు తారీఖును వెనక్కి జరుపుతారు, లెటర్‌హెడ్‌ను వెనక్కి జరపడం మరిచిపోతారు. కంప్యూటర్‌లో ఉన్న ఇవాళ్టి నమూనాలోనే నిన్నటి తేదీ కొట్టేస్తారు.

మన అభ్యర్థి మొదటి కంపెనీ ఆఫర్ లెటర్ కూడా తెచ్చాడు. తేదీ 2015 జులై. అడుగున కంపెనీ జీఎస్టీ నంబరు ఉంది. జీఎస్టీ అమల్లోకి వచ్చింది 2017 జులై 1న. ఒకవేళ అసలు లెటర్ పోయి కంపెనీ మళ్లీ ఇచ్చి ఉంటే కొత్త లెటర్‌హెడ్ రావడం సహజమే, కానీ అప్పుడు ఇచ్చిన తేదీ కూడా కొత్తదే ఉండాలి. పాత తేదీ, కొత్త లెటర్‌హెడ్ రెండూ ఒకే కాగితం మీద ఉండటానికి వేరే అర్థం వెతకడం కష్టం.

ఇప్పటిదాకా చూసినవన్నీ తారీఖుల గొడవలు. సాధించిన విజయాల్ని కొలవడం వేరే రకం పని. ఎందుకంటే వాటికి క్యాలెండర్ సాక్ష్యం చెప్పదు, కూడికలు తీసివేతలే చెప్పాలి. ఏటా 2 కోట్ల ఆదా అన్న మాటనే తీసుకుందాం. 2019 నాటి ప్రాజెక్టులో చేత్తో టెస్టింగ్ చేసేవాళ్లు ఎంతమంది ఉండేవారని అడిగితే నలుగురు అన్నాడనుకుందాం. ఒక్కొక్కరి జీతం ఏడాదికి 6 లక్షలు వేసుకున్నా మొత్తం ఖర్చు 24 లక్షలు. ఆ నలుగుర్నీ ఇంటికి పంపేసినా 24 లక్షలకు మించి మిగలదు. ఉన్నదే 24 లక్షలైతే 2 కోట్లు ఎలా ఆదా అవుతాయి? బావిలో ఉన్న నీళ్లకంటే ఎక్కువ తోడినట్టుంది.

ఇక్కడ రిక్రూటర్ ఆగిపోతే అన్యాయం చేసినట్టే. ఐటీ సర్వీసుల్లో ఒక మనిషికి రెండు ధరలు ఉంటాయి. కంపెనీ అతనికిచ్చే జీతం ఒకటి, క్లయింటు దగ్గర అతని పనికి వసూలు చేసే బిల్లింగ్ ఇంకొకటి. గంటకు 25 డాలర్లు బిల్లు అనుకుంటే, నెలకు 160 గంటల చొప్పున నలుగురికి ఏడాదికి 1,92,000 డాలర్లు. అప్పటి మారకం సుమారు 70 రూపాయలు. అంటే కోటీ 34 లక్షల పైచిలుకు. క్లయింటు వైపు నుంచి లెక్కేస్తే 2 కోట్లు అతిశయోక్తే కానీ, గాలిలోంచి పుట్టినది మాత్రం కాదు. అభ్యర్థిని ఆ అంకె ఎక్కడిదని అడిగితే మేనేజర్ క్లయింటుకు చూపించిన స్లైడ్‌లో ఉందని చెప్పాడనుకోండి, అది నమ్మదగ్గ మాటే. అతను చేసిన తప్పు 'కంపెనీకి' అని రాయడం. నిజానికి క్లయింటుకు తగ్గిన ఆ బిల్లు కంపెనీకి రాబడి నష్టం.

అప్పుడు మిగిలే ప్రశ్న ఆ పనిలో అతని వాటా ఎంత అన్నది. ఆటోమేషన్ స్క్రిప్టులు ఎన్ని, అందులో నువ్వు రాసినవెన్ని, ఏ టెస్టులు ఆటోమేట్ చేయకుండా వదిలేశారు, ఎందుకు? ఈ ఆఖరి ప్రశ్న చాలా పనిచేస్తుంది. పనిచేసినవాడికి చేయలేకపోయినవే ఎక్కువ గుర్తుంటాయి. స్క్రీన్ మారినప్పుడల్లా ఫలానా స్క్రిప్టు విరిగిపోయేదని విసుక్కుంటూ చెబుతాడు. స్లైడ్ చూసినవాడికి స్లైడ్‌లో ఉన్నవే తెలుసు, అక్కడ విరిగినవి ఉండవు. శాతాలు రాసే రెజ్యూమేలకూ ఇదే సూత్రం. 'పట్టే సమయం 40 శాతం తగ్గింది' అంటే ఎంత నుంచి ఎంతకు అని అడగాలి. పది సెకన్లు ఆరైందా, పది గంటలు ఆరైందా? మొదటి అంకె చెప్పలేని శాతం శాతమే కాదు.

ఇంత చేసినా ఈ పద్ధతికి ఒక పెద్ద కన్నం ఉంది. ఇది పోట్లాడుకునే వివరాల్నే పట్టుకుంటుంది, తమలో తాము చక్కగా కుదిరిన అబద్ధాల్ని పట్టుకోలేదు. ప్రతి తేదీని జాగ్రత్తగా అతికించి, హోదాను అరమెట్టు మాత్రమే పెంచి, పక్క టీమ్ చేసిన పనిని తనదిగా రాసుకున్న మనిషి ఈ జల్లెడలోంచి జారిపోతాడు. అతన్ని ఆపగలిగేది పాత మేనేజర్‌తో పది నిమిషాల మాట మాత్రమే. మరోవైపు రెజ్యూమే రాయడం చేతకాని మంచి ఇంజనీరు, తేదీలు గుర్తులేక ఇంచుమించుగా వేసినవాడు, కన్సల్టెన్సీ తన పేరు మీద ఏం రాసి పంపిందో తనే చదవనివాడు ఇక్కడ దొంగల్లా కనిపిస్తారు. కన్సల్టెన్సీల ద్వారా వచ్చిన రెజ్యూమే అయితే మొదట అడగాల్సింది 'ఇది మీరు చదివారా' అని.

మన అభ్యర్థి విషయంలో అదే జరిగిందనుకుందాం. కుబర్నెటీస్ పక్కన ఉన్న 8 కన్సల్టెన్సీ పెట్టినది. అతనికి నిజంగా తెలిసింది రెండేళ్ల కిందట మూడో కంపెనీలో నేర్చుకున్నదే. దాన్ని మాత్రం గడగడా చెప్పాడు. ఆటోమేషన్ పనిలో స్క్రిప్టుల్లో మూడో వంతు అతనివే. రెండో కంపెనీలో సీనియర్ అనే హోదా నిజమే, రిలీవింగ్ లెటర్‌లో అదే ఉంది. అతని రెజ్యూమే తిరగరాస్తే పైవరసలో 4 ఏళ్ల 6 నెలలు, మధ్యలో 2020 మార్చి నుంచి 2021 ఫిబ్రవరి దాకా ఉద్యోగం లేదన్న ఒక చిన్న వరస, కుబర్నెటీస్ పక్కన 2, ఆదా అంకె స్థానంలో నలుగురి పని ఇద్దరికి తగ్గిందన్న మాట వస్తాయి. ఆ ఉద్యోగానికి కావాల్సింది కూడా నాలుగేళ్ల అనుభవమే.

తేలనిది మొదటి కంపెనీ ఒక్కటే. జీఎస్టీ నంబరు సంగతి అడిగినప్పుడు అతను కాసేపు కాగితం వైపే చూశాడు. బ్యాంకు స్టేట్‌మెంట్ తెస్తానని చెప్పి వెళ్లాడు.